రింగ్ కాకుండానే వాయిస్‌మెయిల్‌కి పోయే కాల్స్

"ఏంటే, రింగ్ కూడా అవ్వకుండానే ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడుతోంది" అని అమ్మ గుంటూరు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. డల్లాస్‌లో నా ఫోన్ టేబుల్ మీదే ఉంది, సిగ్నల్ నిండుగా ఉంది. నేను చేసే కాల్స్ వెళ్తున్నాయి, మెసేజ్‌లు వస్తున్నాయి. ఫోనే పాడైందనుకుని కొత్తది కొన్నాను. పాత సిమ్ అందులో వేసినా అదే తీరు.

కొత్త ఫోన్‌తో అది పోకపోవడానికి కారణం ఉంది. మన కాల్స్‌ని ఇంకో నంబరుకి మళ్లించే కాల్ ఫార్వర్డింగ్ ఫోన్‌లో ఉండదు. ఏ నంబరుకి ఏ సేవలు ఉన్నాయో రాసిపెట్టుకునే డేటాబేస్ ఒకటి ప్రతి నెట్‌వర్క్‌కీ ఉంటుంది. ఫార్వర్డింగ్ నమోదయ్యేది అక్కడ. మనకు కాల్ రాగానే నెట్‌వర్క్ ముందు ఆ చిట్టా చూస్తుంది. "అన్నీ మళ్లించు" అని అందులో ఉంటే ఆ కాల్ మన ఫోన్ దాకా రానే రాదు. కాబట్టి మిస్డ్ కాల్ కూడా కనిపించదు.

మళ్లింపులు నాలుగు రకాలు. 21 అంటే అన్ని కాల్స్. 67 అంటే లైన్ బిజీగా ఉన్నప్పుడు, 61 అంటే ఎత్తనప్పుడు, 62 అంటే ఫోన్ ఆఫ్‌లోనో సిగ్నల్ లేని చోటో ఉన్నప్పుడు. జీఎస్ఎం ప్రమాణంలో ఉన్న ఈ కోడ్‌లను మామూలు డయల్ ప్యాడ్‌లోనే కొట్టాలి. నేను మొదట ఇది చూశాను:

```
*#21#
```

"Voice" అన్న వరుసలో ఒక నంబరు కనిపించింది. అది ఏ దొంగదీ కాదు, మా నెట్‌వర్క్ వాయిస్‌మెయిల్‌దే. అప్పుడు గుర్తొచ్చింది, ఇండియా వెళ్లే ముందు దాన్ని పెట్టింది నేనే. రోమింగ్‌లో ఉండగా ఎత్తని కాల్ అమెరికా నుంచి ఇండియాకి వచ్చి, అక్కడ మోగి, మళ్లీ అమెరికాలోని వాయిస్‌మెయిల్‌కి వెళ్తుంది. రెండు వైపులా చార్జీ పడొచ్చు. 21 పెడితే కాల్ అమెరికా దాటదు. పెట్టడం మంచి పనే. తిరిగొచ్చాక తీయడం మరిచిపోయాను. తీసేది ఇలా:

```
##21#
```

`*#21#` కి "Not forwarded" అని వస్తే అంతా సవ్యంగా ఉందనుకునేవాళ్లు చాలామంది. అది మొదటి రకం గురించి మాత్రమే చెబుతుంది. మిగతా మూడింటినీ విడిగా చూడాలి. `*#62#` కి ఏదో నంబరు రాగానే హ్యాక్ అయ్యామని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. ముందు ఆ నంబరు వాయిస్‌మెయిల్‌దేమో కంపెనీని అడగండి. వాయిస్‌మెయిల్ ఉన్న నెట్‌వర్క్‌లలో ఈ మూడింటికీ ఆ నంబరు ఉండటం మామూలే. అందుకే అన్నీ ఒక్కసారిగా చెరిపేసే `##002#` కొట్టే ముందు ఆ నంబరు రాసి పెట్టుకోండి, లేకపోతే వాయిస్‌మెయిల్ కూడా పోతుంది.

ఏ రకం మళ్లింపో కాల్ చేసేవాళ్లకు ఎంతసేపు రింగ్ వినిపించిందన్న దాన్నిబట్టి కొంతవరకు చెప్పొచ్చు. అసలు వినిపించకపోతే 21, లేదా 62. పావు నిమిషం మోగి వెళ్తే 61. ఒకటి రెండు రింగులకే తెగితే 67ని అనుమానించాలి, ఎందుకంటే మనం కాల్ కట్ చేసినా నెట్‌వర్క్ దాన్ని బిజీగానే లెక్కేస్తుంది. తెలియని నంబర్లను నిశ్శబ్దం చేసే సెట్టింగ్, డు నాట్ డిస్టర్బ్ వంటివి ఫోన్‌లో ఆన్‌లో ఉన్నా కాల్స్ వాయిస్‌మెయిల్‌కి పోవచ్చు. కోడ్‌లలో ఏమీ దొరక్కపోతే అక్కడ వెతకాలి.

21 తీసేశాక అమ్మ కాల్ మోగింది. కానీ వంటింట్లోంచి వచ్చేలోపే వాయిస్‌మెయిల్‌కి వెళ్లిపోయింది. ఇది 61. ఎంతసేపు మోగాలన్న గడువును 5 నుంచి 30 సెకన్ల దాకా, ఐదైదు చొప్పున మార్చుకోవచ్చు. `*#61#` చూపించిన నంబరుతోనే 30 పెట్టాను:

```
**61*నంబరు*11*30#
```

ఇందులో 11 అంటే వాయిస్ కాల్స్‌కి మాత్రమే అని.

ఈ కోడ్‌లు అన్ని కంపెనీలకూ పనిచేయవు. అమెరికాలో కొన్నిచోట్ల పెట్టడానికి `*72`, తీయడానికి `*73` వాడతారు. ఇండియాలో కొన్ని నెట్‌వర్క్‌లలో `*401*` తర్వాత నంబరు కొట్టేవాళ్లు. సిమ్ సమస్య సరిచేస్తామంటూ మోసగాళ్లు ఆ కోడ్‌నే తమ నంబరుతో కొట్టించి, ఓటీపీ చెప్పే వాయిస్ కాల్స్‌ని తమవైపు మళ్లించుకున్నారు. దాంతో 2024 ఏప్రిల్ 15 నుంచి `*401#` తరహా ఫార్వర్డింగ్‌ని ఆపేయాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. ఎవరైనా ఫోన్‌లో స్టార్, హ్యాష్‌లతో ఏదైనా కొట్టమంటే అందులో పది అంకెల నంబరు ఉందేమో చూడండి. ఉంటే కాల్స్ వెళ్లేది అక్కడికే కావచ్చు.

ఏది మార్చినా ఇంకో ఫోన్ నుంచి కాల్ చేసి చూడాలి. ఒకసారి ఎత్తకుండా, ఒకసారి కట్ చేసి, ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి. నేను అమ్మతోనే మూడుసార్లు చేయించాను. మూడోసారి వాయిస్‌మెయిల్‌లో "వినపడుతోందా అమ్మా?" అని అడిగి పెట్టేసింది.