మెస్సీ ఊరికి బంతి ఎలా చేరింది

చిన్నూ, అమ్మడూ,

మొన్న ఫోన్‌లో "తాతయ్యా, ఫుట్‌బాల్ ఇంగ్లండ్‌ది కదా, మెస్సీ వాళ్ల దేశానికి ఎలా వెళ్లింది?" అని అడిగారు. తీరిగ్గా చెప్పాల్సిన సంగతని ఉత్తరం రాస్తున్నాను. మెస్సీ పుట్టిన రొసారియో ఊరి కథ ఒక్కటి వింటే చాలావరకు అర్థమవుతుంది.

రొసారియో అర్జెంటీనాలో పరానా నది ఒడ్డున ఉన్న రేవు పట్నం. చుట్టుపక్కల పొలాల్లో పండిన గోధుమలు రైల్లో అక్కడికొచ్చి, ఓడలెక్కి యూరప్ వెళ్లేవి. ఆ రైలు కంపెనీ బ్రిటిష్ వాళ్లది. ఇంజనీర్లు, ఫిట్టర్లు, గుమాస్తాలు చాలామంది బ్రిటన్ నుంచే వచ్చారు.

వాళ్లు క్రికెట్ కూడా ఆడేవారు. కానీ దానికి బ్యాట్లు, వికెట్లు, చదును చేసిన పిచ్ కావాలి. ఫుట్‌బాల్‌కి ఒక్క బంతి చాలు. ఆ రోజుల్లో బంతి అంటే తోలు తొడుగు, లోపల రబ్బరు బ్లాడర్. గాలి తీసి మడిస్తే నావికుడి పెట్టెలో బట్టల మధ్య పట్టేస్తుంది. ఒడ్డుకి చేరాక గాలి కొట్టి, తోలుతాడుతో మూతి బిగించి కట్టేస్తే ఆట మొదలు.

1889 డిసెంబర్ 24న రైల్వే ఉద్యోగులు అక్కడ ఒక క్లబ్ పెట్టుకున్నారు. మరి ఆడటానికి ఎదుటి జట్టు ఏది? రేవులో ఆగిన ఇంగ్లీషు ఓడ నావికులే! తొలి మ్యాచ్ వాళ్లతోనే ఆడారు. అయితే క్లబ్‌లో రైల్వే వాళ్లకు తప్ప వేరెవరికీ చోటు లేదు. 1903లో రొసారియో సెంట్రల్ అని పేరు మార్చుకుని, బయటివాళ్లనీ చేర్చుకున్నారు. నా దృష్టిలో ఆట నిజంగా ఆ ఊరిది అయింది అప్పుడే.

ఇక బడి సంగతి. ఐజాక్ న్యూవెల్ అనే కుర్రాడు పదహారేళ్లకే ఇంగ్లండ్ నుంచి ఒంటరిగా ఓడెక్కి రొసారియో వచ్చాడు. ముందు రైల్వేలో టెలిగ్రాఫ్ పని చేశాడు. తర్వాత చదువుకుని మాస్టారై, 1884లో సొంతంగా బడి పెట్టాడు. అక్కడ పిల్లలు పాఠాలతో పాటు బంతాటా నేర్చుకున్నారు. నావికుడు ఓడెక్కి వెళ్లిపోతాడు, కానీ బడిలో ఆడిన పిల్లవాడు ఆ ఊళ్లోనే పెరిగి, తమ్ముడికీ నేర్పుతాడు. అందుకే ఆట వేళ్లూనింది బడిలోనే అంటాను. ఆ బడి పూర్వ విద్యార్థులు 1903లోనే ఒక క్లబ్ పెట్టి, మాస్టారి మీద గౌరవంతో న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్ అని పేరు పెట్టుకున్నారు. మెస్సీ చిన్నప్పుడు ఆడింది ఆ క్లబ్‌లోనే.

ఇప్పటికీ ఆ రెండు క్లబ్‌ల మ్యాచ్ అంటే ఊరు ఊరంతా రెండుగా చీలిపోతుంది. అక్కడివాళ్లు మాట్లాడేది స్పానిష్. అయినా ఆఫ్‌సైడ్ అయితే "ఓర్సాయ్!" అని అరుస్తారు. ఆ నావికుల, రైల్వే వాళ్ల మాటే, అక్కడి నోళ్లలో నలిగి అలా తయారైంది.

మీ తాతయ్య