సహోద్యోగి ప్రెజెంటేషన్‌పై అభిప్రాయం: మెత్తగా రాయడం గురించి అపోహలు, వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజను ముగిశాక సమీక్షలు జరుగుతాయి. ఒక్కో విభాగం తన లెక్కలు స్లైడ్ల మీద చూపిస్తుంది, తోటివాళ్లు తర్వాత రాతపూర్వకంగా అభిప్రాయం పంపాలి. తిరుపతి నుంచి వెళ్లి ఆ సమీక్షలు నడిపించడం నా పని. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఫోను నా చేతికిచ్చి, "కొంచెం మెత్తగా మార్చి పెట్టండి సార్, ఆయన నొచ్చుకుంటారు" అంటారు. వాళ్ల భయం నిజమైనదే. రేపు మళ్లీ అదే క్యాంటీన్‌లో పక్కపక్కన కూర్చుని తినాలి కదా. కానీ మెత్తగా రాయడమంటే ఏమిటో చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు, దానికి మూల్యం ఫ్యాక్టరీ చెల్లిస్తోంది.

అపోహ: మెత్తగా రాయడమంటే తప్పును చిన్నదిగా చూపించడం

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఒక ఫ్యాక్టరీలో ఉత్పత్తి విభాగం వారు తోతాపురి రికవరీ, అంటే కాయ బరువులో గుజ్జుగా వచ్చే వంతు, జూన్‌లో 52 శాతం, జూలైలో 55 శాతం అని చూపించారు. గది అంతా చప్పట్లు. క్వాలిటీ విభాగంలోని ఒకావిడ మాత్రం స్లైడు అడుగున చిన్న అక్షరాలు చదివారు. జూన్ లెక్క గేటు కాటా బరువు మీద వేశారు, జూలై లెక్క గ్రేడింగ్ తర్వాత మిగిలిన కాయ బరువు మీద. గేటులోకి వంద టన్నులు వస్తే గ్రేడింగ్‌లో ఆరు టన్నులు పోయాయనుకోండి, 52 టన్నుల గుజ్జు వచ్చిందనుకోండి. గేటు బరువు మీద అది 52 శాతం. మిగిలిన 94 టన్నుల మీద 55 శాతం పైచిలుకు. అంటే రికవరీ పెరగలేదు, కింద ఉన్న అంకె మారిందంతే.

ఆవిడ కోపంలో రాసుకున్న మొదటి ప్రతి ఇది: "రికవరీ లెక్క తప్పు. పెరిగినట్టు చూపించడానికి బరువు మార్చారు. గ్రాఫు మోసపూరితంగా ఉంది. మాట్లాడేటప్పుడు తెర వైపే చూస్తూ ఉండిపోయారు."

పంపడానికి భయపడి, మెత్తగా చేశాననుకుని పంపినది ఇది: "ప్రెజెంటేషన్ చాలా బాగుంది. రికవరీ లెక్క వీలున్నప్పుడు మరోసారి చూసుకుంటే ఇంకా బాగుంటుందేమో."

అవతలి వ్యక్తి "ధన్యవాదాలు మేడమ్" అని జవాబిచ్చి ఊరుకున్నారు. స్లైడు అలాగే యాజమాన్యం ముందుకు వెళ్లింది. వచ్చే సీజనుకు కాయ కొనుగోలు అంచనా 55 శాతం మీదే వేశారు. వెయ్యి టన్నుల గుజ్జుకు 55 శాతం చొప్పున 1,818 టన్నుల కాయ చాలు. నిజంగా వచ్చేది 52 శాతమే కాబట్టి 1,923 టన్నులు కావాలి. తేడా వంద టన్నుల పైమాటే, లారీకి పది టన్నులు వేసుకున్నా పది లారీల కాయ. సీజను మధ్యలో మామిడి అమ్మే ర్యాంపుల దగ్గర అడిగిన ధర ఇచ్చి కొనాల్సింది అదంతా. అంచనా ఖరారు కాకముందే విషయం నా దగ్గరికి వచ్చింది కాబట్టి సరిపోయింది.

వాస్తవం: మెత్తబరచాల్సింది మనిషి మీద తీర్పును. అంకె, స్లైడు సంఖ్య, దాని ప్రభావం, చేయాల్సిన పని, గడువు అలాగే ఉండాలి. పై మొదటి ప్రతిలో "చూపించడానికి మార్చారు", "మోసపూరితం" అనేవి ఉద్దేశం గురించిన మాటలు. ఆయన మనసులో ఏముందో ఆవిడకు తెలియదు, కాబట్టి వాటిని తీసేస్తే విషయం ఏమీ తగ్గదు. రెండో ప్రతిలో వాటితో పాటు బరువు మారిందన్న విషయం, గ్రాఫు మాట కూడా మాయమయ్యాయి. "వీలున్నప్పుడు", "ఏమో" అనే మాటలు కలిసి అసలు పని అవసరమే లేదన్న సంకేతం ఇచ్చాయి.

మేమిద్దరం కూర్చుని తిరిగి రాసినది ఇది:

"ఏడో స్లైడులో జూన్ 52 శాతం గేటు బరువు మీద, జూలై 55 శాతం గ్రేడింగ్ తర్వాత బరువు మీద ఉన్నట్టు అర్థమైంది. రెండూ గేటు బరువు మీద వేసి చూస్తే నాకు రెండు నెలలూ 52 దగ్గరే వచ్చాయి. 55 ప్రకారం వెళ్తే కాయ కొనుగోలు అంచనా తక్కువ పడుతుంది. గురువారంలోగా రెండూ ఒకే బరువు మీద వేసి పంపగలరా? జూలై గేటు రిజిస్టరు నకలు నా దగ్గర ఉంది, పంపుతాను. నేను పొరబడి ఉంటే చెప్పండి. గ్రేడింగ్‌లో పోయిన కాయను కారణాల వారీగా విడదీసిన స్లైడు మాకు చాలా ఉపయోగం, అది తప్పక ఉంచండి."

గ్రాఫు గురించి మరో వాక్యం చేర్చాం: నిలువు గీత 50 దగ్గర మొదలవడంతో మూడు శాతం తేడాకే జూలై ఎత్తు జూన్‌కు రెండున్నర రెట్లుగా కనిపిస్తోందని. తెర వైపు చూశారన్న మాట తీసేశాం. అది లెక్కకు సంబంధం లేనిది, రాతలో పడితే మిగతాదంతా వదిలి ఆయన దాన్నే పట్టుకుంటారు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డినిసి అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్‌పై వచ్చిన పాత అధ్యయనాలను కలిపి పరిశీలించారు. సగటున పని మెరుగుపడింది, కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో తగ్గింది. ధ్యాస పని మీద నుంచి "నా గురించి ఏమనుకుంటున్నారు" అన్న దాని మీదికి మళ్లినప్పుడు ప్రయోజనం తగ్గుతుందని వారి వివరణ. "మోసపూరితం" అన్న మాట చేసేది సరిగ్గా అదే.

మెత్తదనం ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సమీక్షకు రాని ఒకరికి ఆ రాత చూపించి, "ఏ స్లైడులో ఏం మార్చాలి, ఎప్పటిలోగా?" అని అడగండి. జవాబు రాకపోతే విషయం పోయినట్టే. "ఇతని మీద మీకేమైనా కోపమా?" అని అడిగితే తీర్పు ఇంకా మిగిలి ఉన్నట్టు.

అపోహ: విమర్శకు ముందూ వెనకా పొగడ్త పెట్టాలి

అక్కర్లేదు. "చాలా బాగుంది" అని మొదలుపెడితే తర్వాతి "కానీ" కోసం చూస్తారు, లేదంటే పొగడ్తతోనే చదవడం ఆపేస్తారు. మెచ్చుకోవాల్సింది ఉంటే ఏ స్లైడో, ఎందుకో చెప్పి విడిగా రాయండి. లేకపోతే వదిలేయండి.

అపోహ: గ్రూపులో పెడితే పారదర్శకం

దయచేసి వద్దు. లెక్క సరిదిద్దుకునే అవకాశం ముందు ఆ మనిషికి ఒక్కరికే ఇవ్వండి. సరిదిద్దిన స్లైడును ఆయనే గ్రూపులో పెడతారు.

అపోహ: ప్రశ్నలా అడిగితే చాలు, అదే మర్యాద

"ఎందుకిలా చేశారు?" కూడా ప్రశ్నే, కానీ సంజాయిషీ అడిగినట్టుంటుంది. "జూలైకి ఏ బరువు తీసుకున్నారు?" అంటే ఆయన ఒక్క మాటలో చెప్పగలరు.

అపోహ: ఏ విషయమైనా మెత్తగా రాసి పంపవచ్చు

స్టెరిలైజర్ ఉష్ణోగ్రత రికార్డు స్లైడులో ఒకటి, రిజిస్టరులో ఒకటి ఉందనుకోండి. అది ప్రెజెంటేషన్ మీద అభిప్రాయం కాదు, తినేవాళ్ల భద్రత. అభిప్రాయ పత్రం కోసం ఆగకుండా ఆ గంటలోనే క్వాలిటీ అధికారికి ఎదురుగా చెప్పి, ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టించండి.