ట్యూబులో సన్న బెజ్జం నీళ్లలో ఎందుకు దొరకదు?

ఒక పాఠకుడు ఇలా అడిగారు: "సైకిల్‌కి రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి టైరు చప్పబడుతోంది. ట్యూబు తీసి నీళ్లలో ముంచితే ఒక్క బుడగా రావడం లేదు. గాలి ఎటు పోతోంది?" ఎవరో గాలి తీసేస్తున్నారని అనుమానించేది ఇలాంటప్పుడే. కానీ బెజ్జం ఉంది. అది కనిపించకపోవడానికి కారణం నీళ్లే.

బెజ్జంలోంచి గాలి నీళ్లలోకి రావాలంటే ముందు ఓ చిన్న బుడగ పుట్టాలి. నీటికి తలతన్యత ఉంటుంది కాబట్టి ఆ బుడగను అది లోపలికి నొక్కుతూ ఉంటుంది. బుడగ ఎంత చిన్నదైతే నొక్కుడు అంత ఎక్కువ. రబ్బరు బూర ఊదేటప్పుడు మొదటి ఊపిరికే ఎక్కువ బలం కావాలి కదా, ఇక్కడా కష్టమంతా మొదట్లోనే. లెక్క చూద్దాం. నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటన్లు. దాన్ని రెట్టింపు చేసి బెజ్జం వ్యాసార్ధంతో భాగిస్తే, బుడగ బయటపడడానికి కావలసిన పీడనం వస్తుంది. బెజ్జం అడ్డుకొలత 0.02 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుక మందం కన్నా తక్కువ అనుకుందాం. జవాబు సుమారు 14,000 పాస్కల్స్, అంటే 2 పీఎస్ఐ.

టైరు లోపల ఉన్నప్పుడు ట్యూబులో 50 పీఎస్ఐ దాకా ఉంటుంది. ఆ ఒత్తిడికి ఇంత సన్న బెజ్జంలోంచి కూడా గాలి కొన్ని గంటల్లో ఖాళీ అయిపోతుంది. అదే ట్యూబును బయటికి తీసి గాలి కొడితే రబ్బరు సాగిపోతుందే తప్ప పీడనం పెద్దగా పెరగదు. ఒకటి రెండు పీఎస్ఐ దగ్గరే ఆగిపోతే నీటి నొక్కుడే గెలుస్తుంది, బుడగ పుట్టదు. తలతన్యత పాఠంలో నీటి మీద సూదిని తేలించి చూపిస్తారు. ఆ పాఠానికి పంక్చరైన ట్యూబు ఇంకా మంచి ఉదాహరణ అని నా గట్టి నమ్మకం.

కిటుకు కూడా ఈ లెక్కలోనే ఉంది. నీళ్లలో కాస్త సబ్బు కలిపితే తలతన్యత సగానికి పైగా పడిపోతుంది. ట్యూబును మామూలు లావుకు రెట్టింపు ఉబ్బేదాకా గాలి కొట్టి, జానెడు చొప్పున ముంచుతూ రెండు చేతులతో కొద్దిగా సాగదీస్తే బెజ్జం కూడా పెద్దదవుతుంది. ట్యూబు పైన అంటుకున్న బుడగలను చూసి మోసపోవద్దు. వేలితో తుడిచేయండి. తుడిచినచోటే మళ్లీ పుడితే అదే బెజ్జం. వాల్వు మొదలు దగ్గర కూడా చూడాలి. అక్కడ రబ్బరు చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

మన పాఠకుడు సబ్బునీళ్లతో మళ్లీ చూస్తే బెజ్జం దొరికింది. ఆరకముందే చుట్టూ పెన్నుతో గుర్తు పెట్టుకోమన్నాను. ఇక ప్యాచ్ సంగతి. సొల్యూషన్‌ను అందరూ జిగురనుకుంటారు. అది చేసే పని వేరు. అందులోని రసాయనాలు, ప్యాచ్ అడుగు పొర కలిసి మామూలు వేడిలోనే రబ్బరును రబ్బరుకు అతికిస్తాయి. అందుకే ట్యూబు బాగా ఆరాక, ప్యాచ్ కన్నా కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో నున్నటి పైపొర పోయేదాకా రుద్దాలి. పలచగా సొల్యూషన్ రాసి, తడి మెరుపు పూర్తిగా పోయేదాకా ఆగాలి. మామూలుగా ఐదు నిమిషాలు పడుతుంది. చాలా ప్యాచ్‌లు ఊడేది ఇక్కడే: తడి మీదే అంటిస్తే ద్రావకం కింద చిక్కుకుపోయి అంచు లేస్తుంది. ఆరాక ప్యాచ్ పెట్టి, మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. ఆ వెంటనే ట్యూబును బయట బాగా ఉబ్బించకూడదు. రబ్బరు సాగితే కొత్త అతుకు అంచు పైకి లేస్తుంది.

ఆయన ట్యూబుకు బెజ్జం పడింది నేల వైపు కాదు, రిమ్ము వైపు. ముల్లు గుచ్చుకుంటే బెజ్జం నేల వైపు పడుతుంది. వాల్వును దాని రంధ్రానికి ఎదురుగా పెట్టి ట్యూబును చక్రం మీద పరిచి చూస్తే, గుర్తు సరిగ్గా ఒక స్పోకు రంధ్రం మీదికి వచ్చింది. అక్కడ స్పోకు రంధ్రాలను కప్పే రిమ్ టేపు పక్కకు జరిగి, రంధ్రం అంచు సగం బయటపడి ఉంది. రెండు పొరల రిమ్ములో ఆ రంధ్రం 9 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే, 50 పీఎస్ఐ దగ్గర ట్యూబును అందులోకి తోసే బలం రెండు కిలోల బరువుకు పైమాటే. చక్రం తిరిగిన ప్రతిసారీ ట్యూబు ఆ పదునైన అంచుకు రాసుకుంటుంది. టేపు సరిచేయకుండా ఎన్ని ప్యాచ్‌లు వేసినా పక్కనే మరో బెజ్జం పడుతుంది.

కొత్త టేపు రంధ్రాలన్నిటినీ రెండు వైపులా కప్పాలి, కానీ టైరు అంచు కూర్చునే చోటికి ఎక్కకూడదు. ఎక్కితే టైరు సరిగా కూర్చోదు. బిగించాక ఒక్కో రంధ్రం మీద బొటనవేలితో నొక్కి చూడండి. టేపు గుంటలా లోపలికి దిగితే అది మరీ మెత్తది, ఇంకాస్త గట్టి టేపు వేయాలి. ఒకే పొర ఉన్న రిమ్ములో అయితే స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్ దాటి పైకి పొడుచుకొచ్చిన స్పోకు కొనలను ఆకురాయితో అరగదీశాకే టేపు వేయాలి.