కారం మీద బీరు పోస్తే మంట ఆరుతుందా?

నోరు మండిపోతుంటే పక్కనున్న చల్లటి బీరు గటగటా తాగేయడం చాలామందికి అలవాటు. తాగుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. గ్లాసు కింద పెట్టిన కాసేపటికే మంట మళ్లీ మొదలవుతుంది, ఒక్కోసారి ముందుకంటే గట్టిగా. దానికి కారణం తెలిస్తే కాల్చిన మాంసానికి, వేపుళ్లకి, వీధి బండి మీద దొరికే ఘాటైన తిండికి ఏ బీరు నప్పుతుందో చాలావరకు మనకే తెలిసిపోతుంది.

కారం నిజానికి రుచి కాదు, నొప్పి. మిరపకాయలోని క్యాప్సైసిన్ అనే పదార్థం మన నాడుల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్‌ని తడుతుంది. దీన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. వేడి, స్పర్శ మనకెలా తెలుస్తాయో కనుగొన్నందుకు 2021లో ఆయనకి మరో శాస్త్రవేత్తతో కలిపి నోబెల్ వచ్చింది. టీఆర్‌పీవీ1 అసలు పని వేడిని కనిపెట్టడం. సుమారు 42, 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుని ‘కాలుతోంది’ అని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకపోయినా అదే కబురు వెళ్తుంది. కారం తిన్నప్పుడు నాలుక కాలినట్టే అనిపించడం అందుకే.

ఇప్పుడు దీనికి ఆల్కహాల్ కలపండి. 2002లో ఇటలీ శాస్త్రవేత్తలు వెలువరించిన పరిశోధన ప్రకారం, ఆల్కహాల్ తగిలినప్పుడు టీఆర్‌పీవీ1 తెరుచుకునే వేడి 42 డిగ్రీల నుంచి 34 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. మన నోటి వేడి మామూలుగానే 36, 37 డిగ్రీలు ఉంటుంది. అంటే ఆల్కహాల్ తగిలిన నాడికి నోటి సొంత వేడే కాలుతున్నట్టు అనిపించగలదు. అదే నాడిని కారం అప్పటికే రేపి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

చల్లటి బీరు గుటకలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. చల్లదనం నాలుకని చల్లబరిచి టీఆర్‌పీవీ1 నోరు మూయిస్తుంది. ఆల్కహాల్ దాన్నే ఇంకా సున్నితంగా మారుస్తుంది. నాలుక తొందరగానే మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి చల్లదనం ముందు పోతుంది. తర్వాత మిగిలేది ఆల్కహాల్ ప్రభావం. పోనీ, బీరు ఆ క్యాప్సైసిన్‌ని కడిగేస్తుందా అంటే అదీ లేదు. క్యాప్సైసిన్ నూనెలో, గాఢమైన ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది గానీ నీళ్లలో దాదాపు కరగదు. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరులో ఎక్కువ భాగం నీళ్లే.

కాబట్టి కారంగా ఉన్న ప్లేటు ముందు కూర్చున్నప్పుడు నేను సీసా మీద మొదట చూసేది ఆల్కహాల్ శాతమే. 4.5, 5 శాతం దగ్గర ఉంటే పర్వాలేదు. 7, 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీర్లని కారానికి జత చేయడం నా దృష్టిలో పొరపాటే. ఆల్కహాల్ లేని బీర్లని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, కారం విషయంలో మాత్రం వాటికి న్యాయంగా మంచి మార్కులే పడాలి. చల్లదనం ఉంటుంది, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజల నుంచి, అంటే మాల్ట్ నుంచి వచ్చే తీపి ఉంటుంది, మంట పెంచే ఆల్కహాల్ మాత్రం ఉండదు.

రెండోది చేదు. బీరుకి చేదు హాప్స్ అనే పూల నుంచి వస్తుంది. వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు బీరు కాచేటప్పుడు రూపం మార్చుకుని ఐసో ఆల్ఫా ఆమ్లాలు అవుతాయి. బీరు చేదుని ఐబీయూలలో కొలుస్తారు, లీటరు బీరులో ఈ ఆమ్లాలు దాదాపు ఎన్ని మిల్లీగ్రాములు ఉంటే అన్ని ఐబీయూలు అని లెక్క. బీరు రకాల్లో తేలికపాటి లాగర్లలో ఇది 10 దగ్గర ఉంటుంది, చెక్ పిల్స్‌నర్‌లో 30 నుంచి 45 దాకా, అమెరికన్ ఐపీఏలో 40 నుంచి 70 దాకా ఉంటుంది. క్యాప్సైసిన్ కొంతమంది నాలుకకి మంటతో పాటు చేదుగా కూడా తగులుతుంది. దాని మీద హాప్స్ చేదు పడితే గొంతు దగ్గర గీరుకున్నట్టు ఒక మొండి చేదు నిలిచిపోతుంది. ఐపీఏ అభిమానులు కొందరు ఆ దెబ్బే కావాలంటారు. అది వాళ్లిష్టం. కానీ ఆ గుటకలో మాంసం రుచి మాత్రం తెలియదు.

అదే చేదు బీరు ఉప్పు చల్లిన వేపుడు దగ్గరికొచ్చేసరికి పూర్తిగా మారిపోతుంది. ఉప్పులోని సోడియం చేదుని అణచివేస్తుందనీ, చేదు వెనక దాగిన మిగతా రుచులు అప్పుడు పైకొస్తాయనీ 1997లో బ్రెస్లిన్, బోషాంప్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఇది ఎవరైనా చేసి చూడొచ్చు. చేదున్న పిల్స్‌నర్ ఒక గుటక తాగి, ఆ చేదు నాలుక మీద ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. తర్వాత ఉప్పు బాగా పట్టిన ఆలూ చిప్స్ రెండు నమిలి, వెంటనే అదే బీరు ఇంకో గుటక తాగండి. చేదు మొన విరిగినట్టు ఉంటుంది, అప్పటిదాకా తెలియని మాల్ట్ కమ్మదనం బయటపడుతుంది. ఉప్పు లేని చిప్స్‌తో చేస్తే ఈ తేడా రాదు. వేపుడికి పిల్స్‌నర్ బాగుంటుందనే మాటలో సగం ఘనత ఉప్పుదే.

మిగతా సగం గ్యాస్‌ది. బుడగలు నాలుక మీది నూనెని తోమేస్తాయని ఒక మాట బాగా వ్యాపించింది. నేనైతే అలా చెప్పను. బీరు తాగితే వచ్చే ఆ చురుకు బుడగలు పగలడం వల్ల వచ్చేది కాదు. కార్బన్ డయాక్సైడ్ నాలుక మీది ఒక ఎంజైమ్ సాయంతో ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లమే పులుపునీ చురుకునీ పుట్టిస్తుంది. పర్వతారోహకుల అనుభవం దీనికి మంచి సాక్ష్యం. ఎత్తుల మీద వచ్చే జబ్బుకి వాళ్లు వేసుకునే అసెటజోలమైడ్ మాత్ర ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. మాత్ర వేసుకున్నవాళ్లు బీరు తాగితే కళ్లెదుట బుడగలు లేస్తూనే ఉంటాయి, నోటికి మాత్రం గ్యాస్ పోయిన బీరులా చప్పగా ఉంటుంది. అంటే వేపుడు మీద బీరు చేసే పని చాలావరకు నిమ్మరసం చేసే పనే. నూనె జిడ్డుకి ఎదురుగా కాస్త పులుపునీ చురుకునీ నిలబెడుతుంది. అందుకే గ్యాస్ బాగా ఉన్న బీరు వేపుడికి కావాలి. గ్లాసులో సగం మిగిల్చి వేడెక్కనిచ్చిన బీరు ఆ పని చేయలేదు.

వేపుళ్లు తింటూ తాగుతుంటే గ్లాసులో ఇంకొకటి కనిపిస్తుంది. నూనె అంటిన పెదవి గ్లాసుకి తగలగానే అక్కడి నురగ విరిగిపోతుంది. నురగ బుడగల గోడలని నిలబెట్టేవి బార్లీ ప్రోటీన్లు, హాప్స్ ఆమ్లాలు. కొవ్వు వచ్చి వాటి మధ్య చేరగానే గోడ బలహీనపడి బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. దీన్ని చూసి బీరు పాతదని అనుకోనక్కర్లేదు. కొత్త గ్లాసులో పోస్తే నురగ నిలుస్తుందంటే తప్పు పెదవి మీది నూనెదే. ఏమీ తినకముందే నురగ నిలవకపోతే మాత్రం గ్లాసు జిడ్డు వదిలేలా కడగలేదేమో చూడాలి.

కాల్చిన మాంసం దగ్గర లెక్క వేరు. నిప్పుల సెగకి మాంసం పైభాగం 140 డిగ్రీలు దాటితే అందులోని ప్రోటీన్ ముక్కలు, చక్కెరలు కలిసి గోధుమరంగు తేలుతుంది, ఆ వాసన పుడుతుంది. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరు మీద మయ్యార్ చర్య అంటారు. మాల్ట్‌ని వేడి గాలిలో ఆరబెట్టేటప్పుడు జరిగేది కూడా ఇదే. లేత మాల్ట్‌ని 80, 85 డిగ్రీల దగ్గర ఆరబెడతారు, మ్యూనిక్ మాల్ట్‌ని 100 డిగ్రీలు దాటిస్తారు, నల్లటి మాల్ట్‌ని 200 డిగ్రీల పైన వేయిస్తారు. కాబట్టి బంగారు గోధుమరంగులో కాలిన మాంసానికి వియన్నా లాగర్, మ్యూనిక్ డుంకెల్ లాంటి ఎర్రటి, గోధుమరంగు బీర్లు బాగా కుదురుతాయి. రెండింట్లోనూ ఒకే కుటుంబపు వాసనలు ఉంటాయి. అంచులు మాడి నల్లబడిన ముక్కకి నల్లటి స్టౌట్ జత చేస్తే మాత్రం మాడు చేదు రెట్టింపవుతుంది.

మాంసంతో ఇంకో చిక్కు ఉంది. గొర్రె కొవ్వు పూర్తిగా కరగాలంటే 44 డిగ్రీల పైన వేడి కావాలి, అంటే నోటి వేడి దానికి చాలదు. వేడివేడిగా తింటున్నప్పుడు మెత్తగా ఉండే ఆ కొవ్వు, మీద 2, 3 డిగ్రీల బీరు పడగానే గడ్డకట్టి అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. నాలుకతో అంగిలి తడిమితే తెలిసిపోతుంది. గొర్రె మాంసంతో తాగే బీరుని ఫ్రిజ్ నుంచి ఓ పావుగంట ముందే తీసి, 8 నుంచి 10 డిగ్రీల దగ్గర తాగితే ఈ బాధ తగ్గుతుంది. చికెన్ కొవ్వు ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి దానితో ఇంత జాగ్రత్త అక్కర్లేదు.

ఇదంతా ఒకే ప్లేటులో పెట్టి చూద్దాం. ఉప్పు చల్లిన ఆలూ వేపుడు, కారం పట్టించి నిప్పుల మీద కాల్చిన చికెన్, పక్కన ఎర్రటి మిరప చట్నీ ఉన్నాయనుకోండి. చేతిలో రెండు సీసాలు: 35 ఐబీయూ ఉన్న పిల్స్‌నర్ ఒకటి, 5 శాతం ఆల్కహాల్, 20 ఐబీయూ ఉన్న వియన్నా లాగర్ ఒకటి. పిల్స్‌నర్‌ని ముందు తెరిచి, చట్నీ తగలని ఆలూతో బాగా చల్లగా తాగేయాలి. నాలుక ఇంకా మండలేదు కాబట్టి ఉప్పు, చేదు కలిసి చేసే పని పూర్తిగా తెలుస్తుంది. చికెన్‌కి వచ్చేసరికి లాగర్ తెరవాలి, అదీ 6, 7 డిగ్రీల దగ్గర. మరీ చల్లగా ఉంటే నాలుకకి తీపి సరిగ్గా అందదు, కారానికి ఎదురు నిలిచేదేమో ఆ కాస్త మాల్ట్ తీపే. ఈ వరసని తిరగేస్తే, అంటే చట్నీ తిన్నాక పిల్స్‌నర్ తెరిస్తే, అది బీరు పాడైపోయిందేమో అన్నంత చేదుగా తగలొచ్చు.

లాగర్‌తో కూడా మంట తగ్గకపోతే ఇంకో గుటక వేసి లాభం లేదు. ఒక చెంచా పెరుగు నోట్లో వేసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పాలి. పాల ప్రోటీన్, కొవ్వు క్యాప్సైసిన్‌ని పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతాయి. మంట దిగాక మిగిలిన బీరు సంగతి చూడొచ్చు.