నాన్న పోయాక పాస్ పుస్తకంలో పేరు మారితే భూమి మనదైపోతుందా?

ఆస్తి తగాదాల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముందు బల్లమీద పెట్టేది పట్టాదారు పాస్ పుస్తకం. "పేరు నాదే ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అంటారు.

అపోహ: రెవెన్యూవాళ్ల భూహక్కుల రికార్డు 1-బీలో పేరెక్కితే హక్కు వచ్చినట్టే.

వాస్తవం: తండ్రి ఆస్తి మీద హక్కు ఆయన కన్నుమూసిన క్షణంలోనే వారసులకు వస్తుంది. తహసీల్దారు ఆర్డరుతో కొత్తగా వచ్చేదేమీ లేదు. రికార్డులో పేరు మార్చడాన్ని మ్యుటేషన్ అంటారు, అది శిస్తు ఎవరు కట్టాలో తేల్చడానికేనని సుప్రీంకోర్టు 1996లో సవర్ణి కేసులో చెప్పింది. అలాగని ఆ కాగితం చెత్తబుట్టకూ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న 1971 నాటి పాస్ పుస్తకాల చట్టం ప్రకారం, తప్పని రుజువయ్యేదాకా రికార్డులో ఉన్నదే నిజమని అనుకుంటారు. అయితే ఆ రుజువు తెచ్చేవాళ్లు ఇంట్లోనే ఉంటారు.

ఒక లెక్క చూద్దాం. వీలునామా రాయకుండా పోయిన ఒక హిందూ తండ్రికి సొంతంగా కొన్న 4 ఎకరాలున్నాయి. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. 1956 వారసత్వ చట్టం ప్రకారం తలా ఎకరం. (ఆయన తల్లి బతికుంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది. నాయనమ్మని దాదాపు అందరూ మర్చిపోతారు.) ఆడపిల్లలు అత్తారిళ్లలో ఉన్నారు, మ్యుటేషన్ విచారణలో ఎవరూ అడ్డు చెప్పలేదు, నాలుగెకరాలూ కొడుకు పేరున ఎక్కాయి. అతను అందులో 2 ఎకరాలు అమ్మేశాడు, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

కొన్నవాడికి దక్కింది ఎంత? కొడుక్కి ఉన్నదే ఎకరం, కాబట్టి ఆ ఎకరమే, అదీ హద్దులు తేలని ఉమ్మడి వాటాగా. తల్లీ కూతుళ్లూ వాటాలు పంచమని పార్టిషన్ దావా వేస్తే, అమ్మిన ముక్కలోంచే కొడుకు ఎకరం ఇవ్వమని అతను కోర్టును అడగొచ్చు. రెండో ఎకరం డబ్బు మాత్రం అమ్మినవాడి దగ్గరే వసూలు చేసుకోవాలి.

అపోహ: అక్కచెల్లెళ్లు "అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టారు, వాటా వదులుకున్నట్టే.

వాస్తవం: రెవెన్యూ విచారణలో పెట్టిన సంతకం పేరు మార్చడానికి పనికొస్తుంది, అంతే. వాటా నిజంగా వదులుకోవాలంటే రిలింక్విష్‌మెంట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించాలి. "నాన్న పెన్షన్ కాగితాలనుకున్నానండీ" అని కోర్టు బోనులో చెప్పిన అక్కలను చూశాను.

అపోహ: పేరు మారి ఏళ్లయింది, ఇక ఎవరూ అడగలేరు.

వాస్తవం: ఉమ్మడి వారసుల్లో ఒకరు సాగు చేస్తుంటే, అది అందరి తరఫునా అనే కోర్టు చూస్తుంది. "నీకు వాటా లేదు పొమ్మని" బాహాటంగా చెప్పి, అది అవతలివాళ్లకు తెలిశాక 12 ఏళ్లు గడిస్తేనే కాలపరిమితి వాదన నిలబడుతుంది. రికార్డులో గుట్టుగా పేరు మార్చుకుంటే ఆ గడియారం మొదలవదు.

వారసత్వ భూమి కొనేవాళ్లు రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీతో సరిపెట్టుకోవద్దు, వారసత్వ మ్యుటేషన్ అందులో కనపడదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించి, అందులో ఉన్న ప్రతి పేరూ సేల్ డీడ్‌లో సంతకం పెట్టిందా, లేక రిజిస్టరైన రిలింక్విష్‌మెంట్ డీడ్ ఉందా చూడండి. ఒక్క పేరు తగ్గినా అడ్వాన్స్ ఇవ్వకండి.