అప్పాలు కప్పలైన కాడి నుంచి: వియ్యాలవారి ప్రాస తిట్లు

మొన్నటి మాఘమాసంలో వర్ధన్నపేట దగ్గర మా పెద్దమ్మ కూతురి పెళ్లి జరిగింది. ఆ పెళ్లిలోని పదకొండు సెకన్ల వీడియో ఒకటి రెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులు తిరిగింది. మా చిన్నమ్మ మగపెళ్లివారిని దెప్పుతూ రెండు చరణాలు పాడుతుంది, ఎవరో పకాలున నవ్వుతారు, అంతే. అంతకుముందు ఏం పాడారో, అవతలివాళ్లు ఏమన్నారో అందులో లేదు. చూసినవాళ్లలో సగం మంది "ఇదేం మర్యాద" అన్నారు, మిగతా సగం "పెళ్లిపాట తెల్వదా మీకు" అన్నారు. ఆ రెండో సగం వాదన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ముందు ఆ రోజు ఆట మొదలైన తీరు. బంతి భోజనాల దగ్గర వియ్యపురాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. చిన్నమ్మ చప్పట్లు కొడుతూ పెళ్లికొడుకు తల్లి మీద ఎత్తుకుంది:

పట్టుచీరె కట్టి వదినె వచ్చింది
పుట్టెడాకలి ఎంట తెచ్చింది

హాలంతా నవ్వింది. ఆ వదినె కూడా చేతిలో గారె కింద పెట్టి నవ్వింది. ఇదే సంగతి మామూలుగా చెబితే, "వదినె చీరె బాగుంది గాని తిండి మాత్రం బాగా తింటది" అన్నట్టు. అలా అని ఉంటే ఆమె విస్తరి ముందు నుంచి లేచిపోయేది. భావం ఒక్కటే, మారింది కూర్పు మాత్రమే.

ఆ కూర్పులో చరణాల చివర వచ్చింది, తెచ్చింది అని కలవడం చెవికి ముందు తగులుతుంది. కానీ తెలుగు తిట్టుకు అసలు కీలు చరణం మొదట్లోనే, రెండో అక్షరంలో ఉంటుంది. ప-ట్టు, పు-ట్టె. పద్యం చదువుకున్నవాళ్లు ప్రాస అనేది దీన్నే. సంస్కృత వృత్తాలకు ఈ నియమం లేదు, తెలుగు, కన్నడ కవులు దాన్ని తప్పనిసరి చేసుకున్నారు. మా చిన్నమ్మ ఛందస్సు పుస్తకం ముట్టలేదు. కానీ "పట్టు" అనగానే ఆమె చెవి ఇంకో "ట్ట" కోసం వెతుకుతుంది, వినేవాళ్ల చెవీ వెతుకుతుంది. ఆ వెతుకులాటలో ఉండగా "పుట్టెడు" వచ్చి పడుతుంది. పుట్టి అంటే ఇరవై తూములు, వడ్లు కొలిచే మాట. ధాన్యం తర్వాత ఆ కొలతతో మనం ఎక్కువగా కొలిచేది దుఃఖాన్ని. పెళ్లిలో పుట్టెడు అనగానే వడ్లో, ఏడుపో అని ఒక్క క్షణం తడబడతాం. అంతలో ఆకలి వచ్చి కూర్చుంటుంది. ప్రాస ఎదురుచూసేలా చేసింది, పుట్టెడు పక్కదారి పట్టించింది. నవ్వు ఆ రెండింటి మధ్య పుట్టింది. (తిట్టు అనే మాటలోనే "ట్ట" ఉంది. కొట్టు, మొట్టు కూడా దాని చుట్టాలే.)

రెండు చరణాలు, రెండో అక్షరం కలవడం అంటే అది ద్విపద పద్ధతి. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని రాసింది ఈ ద్విపదలోనే. ఆయన పేరులోని పాల్కురికి జనగామ జిల్లాలోని నేటి పాలకుర్తి, మా పెళ్లి జరిగిన చోటికి పెద్ద దూరం కాదు. వృత్తపద్యాలు పండితుల సభకు కుదురుతాయి గానీ పదిమంది కలిసి పాడుకోవడానికి ద్విపదే వీలని ఆయన ఎంచుకున్నాడు. ప్రాస పాటించని ద్విపదకు మంజరీ ద్విపద అని వేరే పేరు పెట్టారంటే, మామూలు ద్విపదకు ప్రాస ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఆడవాళ్ల పెళ్లిపాటల్లో గణాల లెక్క ఉండదు. చప్పట్ల దెబ్బకు సరిపోతే చాలు. ప్రాసను మాత్రం వాళ్లు వదలరు.

ప్రాసతో తిట్టడం గురించి మన దగ్గర ఉన్న అతి ముచ్చటైన కథ వేములవాడ భీమకవిది. ఆయన ఊరు మన వేములవాడేనా, గోదావరి వైపుదా అన్న తగువు పాతదే, దాని జోలికి ఇప్పుడు పోను. చిన్నప్పుడు ఒక విందులో తనను బంతికి రానివ్వలేదని, అప్పాలన్నీ కప్పలు కావాలని, అన్నం సున్నం కావాలని శపించాడట. విస్తళ్లలో కప్పలు గెంతాయట. పెద్దలు బతిమాలితే మళ్లీ మామూలు చేశాడట. జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టి, శాపాన్ని ఒక్కసారి చూడండి. అప్పాలు తేళ్లో, పాములో ఎందుకు కాలేదు? అప్పకు ప్రాస కప్ప కనుక. అన్నం బూడిద కాకుండా సున్నమే ఎందుకయింది? అదీ అంతే. ఏం తిట్టాలో తిట్టేవాడి కోపం ఒక్కటే తేల్చలేదు, అక్షరం కూడా తేల్చింది. అందుకే ఆ శాపం భయపెట్టాల్సింది పోయి ఇప్పటికీ నవ్విస్తుంది.

ప్రాస ఇచ్చే అసలు రక్షణ ఇదేనని నా నమ్మకం. "నేను అనాలని అనలేదు, ప్రాస అలా పడింది" అని తిట్టినవాళ్లకు ఒక సాకు దొరుకుతుంది. పడినవాళ్లకు కూడా "మనసులో పెట్టుకుని అనలేదులే, కుదిరింది కాబట్టి అన్నది" అని నవ్వేసే దారి ఉంటుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే సామెత అలాంటిదే. ఐనవోలు మల్లన్న పేరు పెట్టుకున్న మల్లయ్యలు మా వైపు ఊరికి నలుగురుంటారు, వాళ్లలో జుట్టు ఊడినవాళ్లూ ఉంటారు. ఆ సామెతకు ఏ మల్లయ్యా కొట్లాటకు రాడు. ఓడకు బోడి తోడు రావడం మల్లయ్య తప్పు కాదు గదా.

మా పిల్లలకు ఈ విద్య కాముని పున్నమికి ముందు వచ్చే జాజిరి ఆటలోనే పట్టుబడుతుంది. కోలలు కొట్టుకుంటూ ఇంటింటికీ తిరిగి పాడే ఆ పాటలో ప్రతి చరణం ముందు చరణం చివరి మాటను అందుకుని "కాదురా" అంటుంది, అదే అక్షరంతో ఇంకో మాట తెస్తుంది: దండ కాదురా దామెర మొగ్గ. అర్థం వెతికితే ఏమీ దొరకదు. కానీ ఒక మాట చేతికిస్తే దాని జోడీని లాగడం పదేళ్ల పిల్లాడికి అక్కడే వచ్చేస్తుంది. వడ్లు పెట్టని ఇంటి ముందు మేం ఆ విద్యను ఎలా వాడుకునేవాళ్లమో ఇక్కడ రాయలేను.

మళ్లీ పెళ్లికి వద్దాం. మగపెళ్లివాళ్ల వైపు నుంచి ఒక పెద్దావిడ జవాబు అందుకుంది. ఆట నియమం ప్రకారం అదే "ట్ట" మీద రావాలి, వచ్చింది:

బుట్టెడు గారెలు వండినమన్నరు
ముట్టి చూద్దమంటె మూత ఎత్తరు

మా వాళ్లు సిగ్గుపడి నవ్వారు. వంటవాడు గారెల బుట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. రెండు వైపులా సమానమైంది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో ఇలాంటి చుట్టరికాల గురించి ఒక వ్యాసం రాశాడు. కొన్ని వరసల మధ్య ఎగతాళి చేయడానికి అనుమతి ఉంటుందని, కొన్నిచోట్ల అది చేయాల్సిన పని కూడా అని, పడ్డవాళ్లు నొచ్చుకోకూడదన్నది అందులో భాగమని చెప్పాడు. బావామరదళ్లు, వియ్యపురాళ్లు ఉన్న ఏ ఊళ్లోనైనా ఇది అందరికీ తెలిసిన సంగతే. అయితే ఆ అనుమతి వరసకే గాని అన్ని విషయాలకూ కాదు. తిండి, నగలు, నడక, ఆలస్యంగా రావడం, వీటి మీద ఎంతైనా అనొచ్చు. నిజంగా ఉన్న నొప్పి జోలికి పోకూడదు.

చిన్నమ్మ అక్కడికే పోయింది. పిల్లగాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం, కళ్లద్దాలు పెట్టుకుంటాడు. మాకు హైదరాబాద్ అంటే పట్నం.

పట్నంల కొలువని పిలగాడొచ్చిండు
కట్నం లెక్కలకు అద్దాలు పెట్టిండు

వీడియోలో ఉన్నది ఇదే. కూర్పు చూస్తే ముందరి రెండింటి కన్నా ఇదే బిగువుగా ఉంది. పిల్లగాడి కళ్లద్దాలు అందరికీ కనబడుతున్నాయి కాబట్టి నవ్వూ ముందు పెద్దగానే వచ్చింది. కానీ ఒప్పుకున్న డబ్బులో కొంత ఇంకా ముట్టలేదని రెండు వైపుల పెద్దలకూ తెలుసు. కట్నం చట్టానికి విరుద్ధమన్నది వేరే సంగతి, అది కూడా అందరికీ తెలుసు.

2014లో జర్మన్ పరిశోధకులు కొందరు నవ్వించే రెండు చరణాల పద్యాలను తీసుకుని, అర్థం చెడకుండా ప్రాస, లయ తీసేసి చదివించి చూశారు. ప్రాస, లయ ఉన్నప్పుడే జనానికి అవి ఎక్కువ నవ్వు తెప్పించాయి. అంతకు ముందు 2000లో అమెరికాలో మక్‌గ్లోన్, తొఫిఘ్‌బక్ష్ అనే ఇద్దరు ఇంకో సంగతి పట్టుకున్నారు. తెలియని సామెత ప్రాసతో ఉంటే అది ఎక్కువ నిజమని జనం అనుకుంటున్నారు. ఈ రెండూ కలిపి చూస్తే చిన్నమ్మ చరణాలకు ఏం జరిగిందో అర్థమవుతుంది. పుట్టెడాకలి ఎలాగూ అబద్ధం కాబట్టి ప్రాస నవ్వు ఒక్కటే తెచ్చింది. కట్నం లెక్క నిజం. దానికి ప్రాస నవ్వుతో పాటు సాక్ష్యం కూడా తెచ్చిపెట్టింది.

ఆట చెడిందని ఎలా తెలుస్తుందంటే, జవాబు పాటలో రాదు. "ట్న" మీద చరణం అందుకోవాల్సిన చోట పెళ్లికొడుకు మేనమామ లేచి నిలబడి, "పైసల సంగతి రేపు కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. వడ్డించేవాళ్లు మాత్రం ఏమీ తెలియనట్టు పెరుగు తెచ్చారు.

డబ్బు సంగతి తర్వాత పెద్దలే సర్దుకున్నారు. నెల తర్వాత చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు, ఎందుకన్నావే ఆ మాట అని అడిగాను. నేను కూడా దారి పొడుగునా ఇంకో మాట కోసం వెతికి చూశాను. రత్నం, యత్నం "త్న"లు, ఈ ప్రాసకు పనికిరావు. "ట్న" ఉన్న మాటలు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టాలి.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది: "పట్నం అన్నంక ఇంకేమొస్తది బిడ్డా?"