ప్లేట్‌లెట్లు ఎక్కించినా ఆగని రక్తం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వానాకాలంలో ఎవరికైనా జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే ముందు మలేరియా అనుకుంటారు, కాకపోతే డెంగీ అనుకుంటారు. కొండల పక్కన, దోమల మధ్య బతికేవాళ్లు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా. కానీ అచ్చం అలాగే కనిపిస్తూ వచ్చే రక్త క్యాన్సర్ ఒకటుంది. దాని పేరు అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా. డాక్టర్లు పొట్టిగా ఏపీఎల్ అంటారు. ఇది అరుదైన జబ్బు. సరైన మందు సమయానికి పడితే పెద్దవాళ్లలో ఇంత బాగా నయమయ్యే అక్యూట్ ల్యుకేమియా మరొకటి లేదు. మందు పడకపోతే మాత్రం కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే, మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు.

ఒక కేసు ఊహించుకుందాం. గుణుపురంలో బట్టల కొట్లో పనిచేసే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. వారం నుంచి నీరసం, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటోంది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చి ఓ పట్టాన ఆగడం లేదు. తొడల మీద అరచేతంత నల్లటి కమిలిన మచ్చలు. "ఎక్కడా తగల్లేదండీ, ఊరికే కమిలిపోయింది" అంటాడు. మలేరియా కిట్ పరీక్ష నెగటివ్. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 7.8, తెల్ల కణాలు 1,900, ప్లేట్‌లెట్లు 18,000.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్లడ్ క్యాన్సర్ అంటే తెల్ల కణాలు లక్షల్లో ఉంటాయని మనకో నమ్మకం. ఏపీఎల్‌లో ఎక్కువమందికి అవి తగ్గే ఉంటాయి. డెంగీలోనూ తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు రెండూ తగ్గుతాయి కాబట్టి రిపోర్టు చూసి డెంగీ అనుకోవడం తేలిక. కానీ డెంగీ ముదిరినప్పుడు రక్తం చిక్కబడుతుంది. పెద్దగా రక్తం పోకుండానే హిమోగ్లోబిన్ 7.8కి దిగజారడం దాని లక్షణం కాదు. అసలు గుట్టు బయటపెట్టేది మాత్రం స్లైడ్. ఒక చుక్క రక్తాన్ని గాజు మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూడాలి. ముదురు ఊదా రంగు రేణువులు కిక్కిరిసిన పెద్ద కణాలు, వాటిలో కొన్నింటిలో సన్నటి పుల్లలు కట్ట కట్టినట్టు కనిపిస్తే అది దాదాపుగా ఏపీఎలే. ఆ పుల్లల్ని ఆయర్ రాడ్లు అంటారు. తెల్ల కణాలు తక్కువగా ఉన్నప్పుడు స్లైడ్‌లో ఇవి అరుదుగా దొరుకుతాయి కాబట్టి అంచుల దాకా ఓపిగ్గా వెతకాలి. అంకెలు మాత్రమే అచ్చేసే మిషన్ ఈ పని చేయలేదు.

ఇప్పుడు ఆ కుర్రాడికి రక్తం గడ్డకట్టే పరీక్షలు చేశారనుకుందాం. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పీటీ మామూలుగా 13 సెకన్లు రావాల్సింది 21 సెకన్లు వచ్చింది. గడ్డ అల్లుకోవడానికి కావలసిన ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ కనీసం 200 ఉండాల్సింది 85కి పడిపోయింది. గడ్డలు కరిగినప్పుడు మిగిలే డీ-డైమర్ చాలా ఎక్కువగా ఉంది. అంటే కొరత ప్లేట్‌లెట్లకే పరిమితం కాలేదు, గడ్డకట్టే యంత్రాంగమే ఖాళీ అవుతోంది.

ఇలా ఎందుకవుతుంది? ప్రోమైలోసైట్ అంటే ఎముక మజ్జలో తయారవుతూ సగంలో ఉన్న తెల్ల కణం. మామూలుగా అది కొన్ని రోజుల్లో ఎదిగి, సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ అవుతుంది. ఏపీఎల్‌లో ఆ ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది, సగం తయారైన కణాలే మజ్జ నిండా పేరుకుంటాయి. వాటిలో టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దండిగా ఉంటుంది. మన ఒంట్లో రక్తం గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది ఇదే. మామూలుగా అది రక్తనాళం గోడ బయట ఉండి, గాయమైనప్పుడు మాత్రమే రక్తానికి తగులుతుంది. ఇక్కడ అదే రక్తంలో తిరుగుతూ ఏ గాయమూ లేకుండా గడ్డకట్టే ప్రక్రియను అన్నిచోట్లా మొదలుపెట్టేస్తుంది. ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజన్ అనవసరంగా ఖర్చయిపోతాయి.

దీనికి తోడు రెండో దెబ్బ కూడా ఉంది. ఈ కణాల పైపొర మీద అనెక్సిన్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. గడ్డను కరిగించే ప్లాస్మిన్ తయారీకి అది ఊతమిస్తుంది. ఆ ప్లాస్మిన్ కట్టిన గడ్డనూ కరిగిస్తుంది, రక్తంలో మిగిలిన ఫైబ్రినోజన్‌నూ నాశనం చేస్తుంది. వంశధార పొంగినప్పుడు గండ్లు పూడ్చడానికి దాచిన ఇసుక బస్తాల్ని ఒకడు గండి లేని గట్టు పొడవునా పేర్చేస్తుంటే, ఇంకొకడు వెనకాలే వాటిని చింపుకుంటూ పోయినట్టన్నమాట. నిజంగా గండి పడే వేళకు ఒక్క బస్తా మిగలదు. అందుకే వట్టి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే సరిపోదు. ఎక్కించినవి కూడా అదే దారిన ఖర్చయిపోతాయి.

1980ల దాకా ఉన్న ఇబ్బంది కూడా ఇక్కడే అర్థమవుతుంది. కీమో ఇస్తే ఈ కణాలు చస్తాయి. కానీ చచ్చేటప్పుడు పగిలి, లోపలున్న టిష్యూ ఫ్యాక్టర్‌నూ, ప్రోటీన్లను జీర్ణం చేసే ఎంజైముల్నీ రక్తంలోకి వదిలేస్తాయి. జబ్బును తగ్గించాల్సిన మందే మొదటి వారంలో రక్తస్రావాన్ని పెంచేది.

కణాన్ని చంపకుండా ఎదిగేలా చేస్తే ఎలా ఉంటుంది? ఈ ఆలోచనను రోగుల దాకా తీసుకెళ్లినవాడు షాంఘైలోని రుయిజిన్ ఆసుపత్రి డాక్టర్ వాంగ్ ఝెన్‌యీ. విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం తగిలితే ఈ కణాలు ఎదుగుతాయని ప్రయోగశాలల్లో అప్పటికే తెలిసింది. 1985లో ఆయన మరే దారీ లేని ఒక ఐదేళ్ల పాపకు ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం ఇప్పించాడు. పాప కోలుకుంది. 1988లో ఆయన బృందం 24 మంది రోగుల వివరాలు ప్రచురించింది. అందరిలోనూ జబ్బు అణిగింది, 23 మందికి ఈ ఒక్క మందే సరిపోయింది. ఇప్పుడు డాక్టర్లు దీన్ని ఆట్రా అంటారు. మందుల షాపులో దీని పేరు ట్రెటినోయిన్. మొటిమలకు రాసే క్రీములో ఉండేదీ ఇదే రసాయనం. అలాగని క్రీముతో ఈ పని కాదు, దీనికి క్యాప్సూల్సే మింగాలి.

అది ఎలా పనిచేస్తుందో కొంచెం లోపలికి వెళ్లి చూద్దాం. 17వ క్రోమోజోమ్ మీద ఉండే ఒక జన్యువు రెటినోయిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాన్ని తయారు చేస్తుంది. ఆ ఆమ్లం అందగానే గ్రాహకం తన దగ్గరున్న అణచివేసే ప్రోటీన్లను వదిలేస్తుంది, కణం ఎదగడానికి కావలసిన జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి. ఏపీఎల్‌లో 15, 17 క్రోమోజోములు విరిగి ముక్కలు మార్చుకుంటాయి. ఫలితంగా ఈ గ్రాహకం, 15వ క్రోమోజోమ్‌కు చెందిన పీఎమ్ఎల్ అనే ప్రోటీన్ కలిసిపోయి ఒకే ప్రోటీన్ అవుతాయి. ఈ అతుకుల ప్రోటీన్ అణచివేసేవాటిని గట్టిగా పట్టుకుంటుంది. ఒంట్లో మామూలుగా ఉండే కాస్త రెటినోయిక్ ఆమ్లానికి అది పట్టు సడలించదు. మందుగా ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తే వదులుతుంది. అంతటితో ఆగదు, ఆ అతుకుల ప్రోటీన్‌నే కణం ముక్కలు చేసి పారేస్తుంది. ఆగిపోయిన ప్రోమైలోసైట్ మళ్లీ ఎదిగి న్యూట్రోఫిల్ అయి, తన ఆయుష్షు తీరాక మామూలుగానే పోతుంది. ఈలోగా అది టిష్యూ ఫ్యాక్టర్, అనెక్సిన్-2 తయారీని తగ్గించేస్తుంది. అందుకే క్యాన్సర్ కణాలు మజ్జ నిండా ఉండగానే, కొన్ని రోజుల్లోనే రక్తస్రావం సర్దుకుంటుంది.

విటమిన్ ఎ పేరు వినగానే బొప్పాయి, మునగాకు, లివర్ కూర, అంగన్‌వాడీ సిరప్ గుర్తొస్తాయి. వాటితో ఈ జబ్బు తగ్గదు. తిన్న విటమిన్ ఎని శరీరం కాలేయంలో దాచుకుని, అందులోంచి రెటినోయిక్ ఆమ్లాన్ని కొలిచినట్టు కొంచెం కొంచెంగానే తయారు చేసుకుంటుంది. ఎంత మింగినా మందు మోతాదుకు చేరదు. కాలేయం మాత్రం పాడవుతుంది.

మన కుర్రాడి దగ్గరకొద్దాం. క్రోమోజోమ్ మార్పును రూఢి చేసే పరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది. దాని కోసం ఆగకూడదు. స్లైడ్ చూసి అనుమానం రాగానే ఆట్రా మొదలుపెట్టాలి, పరీక్షలో కాదని తేలితే ఆపేయవచ్చు. మోతాదు శరీర ఉపరితలం చదరపు మీటరుకు రోజుకు 45 మిల్లీగ్రాములు. అతనిది 1.6 చదరపు మీటర్లయితే 72 వస్తుంది. పది మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ అన్నం తిన్నాక పొద్దున నాలుగు, రాత్రి మూడు. దాంతోపాటు ప్లేట్‌లెట్లు 30,000 నుంచి 50,000కు పైన, ఫైబ్రినోజన్ 150కి పైన ఉండేలా చూడాలి. ఫైబ్రినోజన్ కోసం దానం చేసిన రక్తం నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్ ఎక్కిస్తారు. అది ప్రతి బ్లడ్ బ్యాంకులోనూ దొరకదు, కాబట్టి విశాఖకో బరంపురానికో పంపేటప్పుడు ముందే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోవాలి. చిట్టీలో "ప్లేట్‌లెట్లు తక్కువ" అని మాత్రమే రాస్తే అక్కడ జ్వరాల వార్డులో ఒక రాత్రి గడిచిపోతుంది. "ఏపీఎల్ అనుమానం" అని రాయాలి. దారిలో నొప్పికని పిరుదు మీద ఇంజెక్షన్ వేయకూడదు, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెడలోంచి పెద్ద లైన్ వేయడం, వెన్నులోంచి నీరు తీయడం లాంటివి కూడా రక్తం సర్దుకునే దాకా వాయిదా వేస్తారు.

మందు మొదలయ్యాక ఒక ప్రమాదం ఉంది. రెండు, మూడు వారాల లోపు తెల్ల కణాలు ఒక్కసారిగా పెరగవచ్చు. ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, మందు పడలేదని అనుకుంటారు. నిజానికి కణాలు ఎదుగుతున్నాయనడానికి అదే గుర్తు. కానీ అలా ఎదుగుతున్న కణాలు ఊపిరితిత్తుల్లో చేరితే జ్వరం, ఆయాసం వస్తాయి, ఒంట్లో నీరు చేరి రెండు మూడు రోజుల్లో కిలోల్లో బరువు పెరుగుతుంది. చూడటానికి న్యుమోనియాలాగే ఉంటుంది. అనుమానం రాగానే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. అందుకే రోజూ పొద్దునే బరువు తూస్తారు.

ఆట్రా ఒక్కటే ఇస్తే జబ్బు అణుగుతుంది గానీ చాలామందిలో నెలల్లోనే తిరగబెడుతుంది. ఆ లోటు తీర్చింది ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, అంటే పాషాణం. చైనాలోని హార్బిన్ డాక్టర్లు దీన్ని ముందు వాడారు. ఇది అతుకుల ప్రోటీన్‌లో రెండో సగాన్ని, పీఎమ్ఎల్‌ను, పట్టుకుని నాశనం చేస్తుంది. మొదట్లో తెల్ల కణాలు 10,000 దాటనివాళ్లకు ఈ రెండు మందులే చాలు, మామూలు కీమో అక్కర్లేదని 2013లో ఇటలీ, జర్మనీ డాక్టర్ల అధ్యయనం తేల్చింది. రెండేళ్లకు ఈ జంట మందు తీసుకున్నవాళ్లలో 97 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నారు. 1,900 ఉన్న మన కుర్రాడు ఈ కోవలోకే వస్తాడు. 10,000 దాటినవాళ్లకు మాత్రం కణాల్ని త్వరగా తగ్గించే కీమో కొంత కలపాలి, మొదటి వారం రక్తస్రావం ముప్పూ వాళ్లకే ఎక్కువ.

జబ్బు అణిగాక కూడా చికిత్స ఏడెనిమిది నెలలు నడుస్తుంది. ఆట్రా ఇంట్లోనే మింగొచ్చు. ఆర్సెనిక్ మాత్రం సాధారణంగా సెలైన్‌లో ఎక్కిస్తారు. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు ఎక్కించి, నాలుగు వారాలు ఆపి, మళ్లీ మొదలుపెడతారు. గుండె లయ దెబ్బతినకుండా ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం తరచూ చూస్తారు. రోజూ గుణుపురం నుంచి వచ్చి వెళ్లడం అయ్యే పని కాదు. ఆ నాలుగేసి వారాలూ విశాఖలో గది అద్దెకు తీసుకోవాలి, తోడుగా ఇంట్లోవాళ్లు ఒకరు పని మానుకుని ఉండాలి. మొదటి రోజు మాట్లాడుకునేటప్పుడే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవడం మంచిది.